ఖాళీ ఎక్కడ పెట్టాలి చెల్లీ?

చెల్లీ, మొన్న గాజువాకలో కలిసినప్పుడు అన్నావు కదా, మీ అమ్మాయి ఖాళీలన్నీ చకచకా నింపేస్తోంది, తెల్లారేసరికి ఒక్కటీ గుర్తుండటం లేదని. నువ్వు పంపిన కాగితం చూశాను. ఉక్కు కర్మాగారం నోట్సును ఫోన్లోంచి అలాగే దించేసి ఎక్కడపడితే అక్కడ మాటలు తీసేశావు. కొన్నిచోట్ల ఏం అడుగుతున్నావో నాకే అర్థం కాలేదు. మిగతాచోట్ల జవాబు పక్కనే ఉంది.

ఒక్క వాక్యం చూడు. ‘1970 ఏప్రిల్ 17న ____ గాంధీ విశాఖలో ఉక్కు కర్మాగారం పెడతామని పార్లమెంటులో ప్రకటించింది.’ ‘గాంధీ’ని అలాగే ఉంచేశాక గుర్తు తెచ్చుకోవడానికి ఇంకేం మిగిలింది? పేరంతా తీసేసినా ‘ప్రకటించింది’ ఉందిగా! మనకు మహిళా ప్రధాని ఒక్కరే. చరిత్ర తెలియకపోయినా క్రియే జవాబు చెప్పేస్తుంది. తర్వాతి వాక్యంలో ‘ఆమె శంకుస్థాపన చేశారు’ అని ఉంది, అదీ చాడీ చెప్పేదే. మన తెలుగులో ఇలాంటి గుట్టు క్రియల్లోనూ సర్వనామాల్లోనూ దాగి ఉంటుంది. ముందు వాటిని వెతికి మార్చాలి.

నేనైతే ఇలా రాస్తాను:

‘“విశాఖ ఉక్కు – ఆంధ్రుల హక్కు” ఉద్యమం ఉధృతమైన సంవత్సరం ____. 1970 ఏప్రిల్ 17న కర్మాగారం వస్తుందని పార్లమెంటులో ప్రకటించిన ప్రధాని ____. మరుసటి ఏడాది జనవరి 20న శంకుస్థాపన జరిగింది. 1992 ఆగస్టు 1న దాన్ని జాతికి అంకితం చేసిన ప్రధాని ____.’

ఖాళీని వాక్యం చివరికి తెచ్చాను, చూశావా? అక్కడికి వచ్చేసరికి అమ్మాయి ఆధారమంతా చదివేసి ఉంటుంది, ఇక గుర్తు తెచ్చుకోవడమే మిగులుతుంది. వాక్యానికి ఒక్కటే ఖాళీ. గీతలన్నీ ఒకే పొడవు, లేకపోతే పొడవును బట్టి పేరు ఊహించేస్తుంది. నోట్సులోని వాక్యాలనూ కాస్త తిరగరాశాను, ఎందుకంటే వాటి నడకను బట్టే పిల్లలు ఆలోచించకుండా నింపేస్తారు.

ఇద్దరు ప్రధానులను కావాలనే పెట్టాను. మొదటి ప్రధాని ఖాళీలో పి.వి. నరసింహారావు అని రాసిందనుకో, ప్రకటననూ అంకితాన్నీ కలిపేసుకుంటోందన్న మాట. అప్పుడు 1966, 1970, 1971, 1992 వరుసగా గీసి, ఏ ఏడాది ఏం జరిగిందో చెప్పించు. ఖాళీగా వదిలేస్తే మాత్రం అసలు మనసుకెక్కలేదన్న మాట, మళ్లీ నోట్సే తీయాలి.

జవాబులు వెనకవైపు ముందే రాసి పెట్టుకో. ‘ఇందిర’ అన్నా, ‘శ్రీమతి గాంధీ’ అన్నా ఒప్పుకుంటావో లేదో అప్పుడే తేల్చుకో, లేదంటే దిద్దేటప్పుడు తగువే. మర్నాడు పేర్లు ఉంచేసి సంవత్సరాలు తీసేసి ఇవ్వు. మూడు ఖాళీలకు ఒక్క నిమిషం చాలు.

ఒక్కటి మాత్రం ఖాళీలతో తెలీదు తల్లీ, ఉద్యమం ఎందుకు వచ్చిందన్నది. నిమిషం అయిపోయాక కాగితం మూసేసి, అది నోటితో చెప్పించుకో.