సన్నివేశ విస్తరణ

కథను పొడిగించి రాయవలసి వచ్చినప్పుడు చాలామంది విద్యార్థులు మాటల సంఖ్యను పెంచుతారు. ‘అందమైన’ అన్నచోట ‘ఎంతో అందమైన, మనోహరమైన, రమణీయమైన’ అని రాస్తారు. వాక్యం పొడవవుతుందేగాని పాఠకునికి కొత్తగా తెలిసినది ఏమీ ఉండదు. దీనిని పూరణం అనవచ్చు. పాత్ర చూసినది, విన్నది, వాసన పట్టినది చేర్చి, దానివలన కథ ముందుకు నడిచేటట్లు చేయడం విస్తరణ. ఈ రెండింటి భేదాన్ని తెలుసుకోవడానికి మన ప్రబంధ సాహిత్యంలో చక్కని ఉదాహరణ ఉంది.

అల్లసాని పెద్దన 16వ శతాబ్దంలో శ్రీకృష్ణదేవరాయల ఆస్థానకవి. మార్కండేయ పురాణంలోని చిన్న కథను స్వీకరించి ఆరు ఆశ్వాసాల మనుచరిత్రగా పెంచాడు. అందులో ప్రవరుడు అనే గృహస్థు సిద్ధుడిచ్చిన పాదలేప మహిమచేత హిమాలయానికి చేరుతాడు. మంచునీటికి లేపం కరిగిపోతుంది. నిత్యాగ్నిహోత్రం తప్పని ఆ బ్రాహ్మణునికి ఇంటికి వెళ్లే దారి లేకుండా పోతుంది. సంస్కృత మూలంలో, కొండపై తిరుగుతున్న అతనిని వరూధిని చూడటంతో కథ సాగిపోతుంది. పెద్దన ఈ రెండు ఘటనల నడుమ ఒక గాలి తెమ్మెరను చేర్చాడు. కస్తూరి, కర్పూరం కలిసిన తాంబూలపు పరిమళం ఆ గాలిలో వస్తుంది.

ఈ పరిమళం చేసిన పని గమనించాలి. మంచుకొండపై తాంబూలపు వాసన వచ్చిందంటే దగ్గరలో ఎవరో ఉన్నారని అర్థం. అందుకే దారి అడగవచ్చుననే ఆశతో ప్రవరుడు అటు నడుస్తాడు. తాంబూలం భోగానికి గుర్తు. ఇల్లు చేరాలని పోతున్నవానిని అతని నియమానికే పరీక్ష పెట్టగల చోటికి ఆ వాసనే తీసుకొని పోతోంది. దానిని తొలగిస్తే అతడు అటు వెళ్లడానికి కారణం తగ్గిపోతుంది. హిమాలయం తెల్లగా ఉందని మరి పది విశేషణాలు చేర్చినా ఈ పని జరగదు.

ఈ పద్ధతిని విద్యార్థి తన పరిసరాలకు అన్వయించుకోవచ్చు. నర్సీపట్నం దగ్గరి నాతవరం ప్రాంతంలో చెరకు తోటలున్నాయి. అక్కడ జరిగే కథ ఇలా మొదలైందనుకుందాం: ‘తండ్రి బెల్లం వండుతున్నాడు. కొడుకు వచ్చి, చదువు మానేస్తానన్నాడు. తండ్రి బాధపడ్డాడు.’ దీనిని ఒక పుట వరకు పెంచాలి.

పూరణం చేసేవాడు, ‘తండ్రి చెప్పలేనంత, భరించలేనంత, గుండె పగిలేంత బాధపడ్డాడు’ అని రాస్తాడు. విస్తరణ చేసేవాడు ముందుగా బెల్లం వండే పని తీరును తెలుసుకుంటాడు. రసం గంటలకొద్దీ మరగాలి. పైకి తేలిన మురికి నురుగును తీసివేయాలి. పాకం చిక్కబడిన తరువాత పొయ్యి దగ్గరనుండి కదలకూడదు. చిటికెడు పాకాన్ని చల్లని నీటిలో వేస్తే ఉండ కట్టాలి. ఆ గడియ దాటితే బెల్లం మాడి నల్లబడుతుంది. ఈ విషయం తెలిసిన తరువాత సన్నివేశం ఇలా మారుతుంది:

‘నాన్నా, రేపటినుంచి కాలేజీకి పోను’ అన్నాడు కొడుకు. తండ్రి తలెత్తలేదు. ఎండిన చెరకు పిప్పి పొయ్యిలో చిటపటమంటోంది. ఇంతసేపూ పలుచగా లేచిన నురుగు ఇప్పుడు బరువుగా, బుడగలు బుడగలుగా పగులుతోంది. తీపి వాసనలో కొంచెం చేదు కలిసింది. ‘చెంబులో నీళ్లు ఇలా తే’ అన్నాడు తండ్రి. వేసిన పాకం నీటి అడుగున మెత్తగా పరచుకొంది. మరోసారి వేశాడు. ఈసారి ఉండ కట్టింది. ‘దించు, దించు!’ ఇద్దరూ కలిసి పెనాన్ని దించారు. బెల్లం అచ్చుల్లోకి చేరిన తరువాతగాని తండ్రి కొడుకు ముఖం చూడలేదు. ‘ఇప్పుడు చెప్పరా’ అన్నాడు.

ఇక్కడ ‘బాధ’ అనే మాట లేదు. పాకం ఆగదు కనుక తండ్రి జవాబు ఆలస్యమైంది. ఆ ఆలస్యమే పాఠకునిలో ఆత్రుత కలిగిస్తుంది. చేదు వాసన వ్యవధి తక్కువగా ఉందని తెలుపుతుంది. మానేస్తానన్న కొడుకే పెనానికి చేయి వేయవలసి వచ్చింది. అతని చేతికి తగిలిన వేడి తరువాతి సంభాషణకు ఆధారమవుతుంది.

ఈ పద్ధతికి ఒక హద్దు ఉంది. రంగు, చప్పుడు, వాసన, రుచి, స్పర్శ అని ఐదింటినీ జాబితాగా పేర్చితే అదీ పూరణమే. పై ఘట్టంలో రుచి ప్రసక్తి లేదు, ఆ గడియలో ఎవరూ బెల్లం తినరు గనుక. పాత్ర ఆ క్షణంలో గమనించగలిగినదే రాయాలి. రాసిన తరువాత ఒక్కొక్క వివరాన్ని తీసివేసి చదవాలి. కథలో మార్పు లేకపోతే ఆ వివరం అనవసరం.

అభ్యాసం
1. ప్రవరుని కథలో పరిమళం చేసిన పనిని వివరించండి.
2. పై సన్నివేశంలో చెంబు నీళ్లను తీసివేస్తే ఏమి లోపిస్తుంది? కారణం రాయండి.
3. ‘అవ్వ మనుమనికి అన్నం పెట్టింది. వాడు అలిగి తినలేదు.’ దీనిని పది వాక్యాలకు విస్తరించండి.