పవర్ బ్యాంక్ ఫొటో చూసి అసలు కెపాసిటీ కనిపెట్టడం ఎలా?

శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్‌లోని షాపు నుంచి ఫ్రెండ్ మీకు ఓ పవర్ బ్యాంక్ ఫొటో పంపాడనుకుందాం. ముందువైపు పెద్దక్షరాల్లో 20000mAh అని ఉంది. వెనకవైపు ఫొటో కూడా అడగండి. అక్కడ చిన్నక్షరాల్లో 3.7V, 37Wh అని ఉంటే లెక్క ఇదీ:

```
37 ÷ 3.7 × 1000 = 10000mAh
```

అంటే చెప్పిన దాంట్లో సగమే! 20000 నిజమైతే అక్కడ 74Wh ఉండాలి.

తర్వాత బీఐఎస్ గుర్తు చూడండి. IS నంబర్, దాని కింద R- తర్వాత 8 అంకెల నంబర్ ఉండాలి. సీఈ గుర్తు దీనికి బదులు కాదు. నంబర్ ఉన్నా BIS Care యాప్‌లో కొట్టి చూడండి. అక్కడొచ్చే బ్రాండ్, డబ్బా మీది బ్రాండ్ వేరైతే తీసుకోవద్దు.

లెక్క కలిసినంత మాత్రాన లోపలి సెల్స్ మంచివని కాదు, ఎందుకంటే Wh కూడా తప్పుగా ముద్రించొచ్చు. లెక్కే కలవకపోతే మాత్రం ఇంకేం చూడక్కర్లేదు, వదిలేయండి.