‘చిన్నప్పటి నుంచీ నా కల’ అని రాస్తున్నారా? ఎస్‌వోపీ పేరా ఇలా సరిచేసుకోండి

విదేశీ విద్యా నిధి సాయం అందాలంటే ముందు విదేశీ యూనివర్సిటీలో సీటు రావాలి. చాలా యూనివర్సిటీలు దరఖాస్తుతో పాటు ఎస్‌వోపీ అడుగుతాయి. ఈ కోర్సు ఎందుకు చదవాలనుకుంటున్నారో, అందుకు మీ దగ్గర ఏం సన్నద్ధత ఉందో మీ మాటల్లో చెప్పే పత్రం అది. ఎక్కువమంది తడబడేది ఇందులోనే. ఒక్క పేరా తీసుకుని సరిచేసి చూద్దాం. మీరు ఇంగ్లీషులో రాసినా పద్ధతి ఇదే.

ముందు రాసిన పేరా

నల్గొండ జిల్లాలో సివిల్ ఇంజినీరింగ్ పూర్తిచేసిన ఒక అమ్మాయి ఇలా రాసింది అనుకుందాం:

“చిన్నప్పటి నుంచీ పర్యావరణ ఇంజినీర్ కావాలన్నది నా కల. నేను బాగా కష్టపడే వ్యక్తిని. మా జిల్లా ఫ్లోరైడ్ సమస్యపై విస్తృత పరిశోధన చేశాను. ప్రపంచ ప్రఖ్యాతి గాంచిన మీ యూనివర్సిటీలో చదివి దేశానికి సేవ చేస్తాను.”

మొదటి పని: వేరేవాళ్లకూ సరిపోయే వాక్యాలు తీసేయండి

‘పర్యావరణ ఇంజినీర్’ బదులు ‘డాక్టర్’ అని పెట్టి చదవండి. మొదటి, రెండు, నాలుగు వాక్యాలు అలాగే అతుకుతాయి. అంటే అవి ఈ అమ్మాయి గురించి ఏమీ చెప్పడం లేదన్నమాట. మిగిలింది ఫ్లోరైడ్ వాక్యం ఒక్కటే. అసలు సరుకు అక్కడే ఉంది.

రెండో పని: మిగిలిన వాక్యాన్ని ప్రశ్నలు అడగండి

ఎక్కడ చేశారు? ఎన్ని? ఎవరితో? ఏం తేలింది? కాగితం ఏది?

ఆ అమ్మాయి జవాబులు ఇవి: చివరి సంవత్సరం ప్రాజెక్టు. ముగ్గురం కలిసి చేశాం. మా ఊళ్లో 12 బోర్ల నీళ్లు తెచ్చి కాలేజీ ల్యాబ్‌లో పరీక్షించాం. నాలుగింటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటింది. భారత ప్రమాణాల సంస్థ తాగునీటికి పెట్టిన గరిష్ఠ హద్దు అదే. నమూనాలు ఏప్రిల్‌లో ఒక్కసారే తీశాం. ప్రాజెక్టు రిపోర్టు ఉంది.

మూడో పని: మాట బరువు తూచండి

‘విస్తృత పరిశోధన’ కాదు, ఒక ప్రాజెక్టు. ‘జిల్లా’ కాదు, ఒక ఊరు. ‘చేశాను’ కాదు, ‘చేశాం’. అందులో తన వాటా ఏమిటో విడిగా చెప్పాలి. ఇంటర్వ్యూ ఉంటే ‘ఎన్ని మండలాలు తిరిగారు?’ అని ఒక్క ప్రశ్న వేస్తే చాలు, పెంచి రాసిన మాట బయటపడుతుంది. ఆ తర్వాత నిజం చెప్పినా నమ్మకం కలగదు.

చేయలేకపోయింది దాచొద్దు. ఏప్రిల్‌లో ఒక్కసారే నమూనాలు తీయడం లోటే. కానీ ఈ కోర్సు ఎందుకు కావాలన్న ప్రశ్నకు జవాబు కూడా అందులోనే దొరుకుతుంది. చూడండి.

సరిచేసిన పేరా

“బీటెక్ చివరి ఏడాదిలో ముగ్గురం కలిసి మా ఊళ్లోని 12 బోర్ల నీటిని పరీక్షించాం. నమూనాలు సేకరించడం, ల్యాబ్‌లో కొలవడం నా పని. నాలుగు బోర్లలో ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాముల హద్దు దాటింది. నల్లా నీళ్లు రాని రోజు ఆ బోర్లే వాడతామని కొన్ని ఇళ్లవాళ్లు చెప్పారు. మేం ఏప్రిల్‌లో ఒక్కసారే కొలిచాం కాబట్టి వానాకాలంలో ఈ అంకెలు మారతాయో లేదో చెప్పలేను. అది తెలియాలంటే భూగర్భజలాల రసాయనం చదవాలి. మా బీటెక్‌లో ఆ సబ్జెక్టు లేదు. మీ కోర్సు రెండో సెమిస్టర్‌లో ఉంది.”

ఇందులో ‘కష్టపడతాను’ అన్న మాట లేదు. అయినా కష్టం కనిపిస్తోంది. ‘సేవ’ అన్న మాట లేదు. అయినా ఎవరి నీళ్ల కోసం చదువుతోందో తెలుస్తోంది. చివరి వాక్యం రాసేముందు మాత్రం కోర్సు సిలబస్ తెరిచి, ఆ సబ్జెక్టు నిజంగా ఉందో లేదో చూసుకోవాలి.

ఇంటి ఇబ్బందులు రాయాలా?

స్కీమ్ దరఖాస్తులో మీ ఆదాయం సంగతి ఆదాయ ధ్రువపత్రమే చెబుతుంది. ఎస్‌వోపీలో జాలి కలిగేలా మళ్లీ రాయక్కర్లేదు. చదువు మీద నేరుగా పడిన దెబ్బ అయితే రెండు వాక్యాల్లో చెప్పండి: “రెండో ఏడాది నాన్నకు ఆపరేషన్ అయి ఆరు వారాలు కాలేజీకి వెళ్లలేదు. అప్పుడు తప్పిన రెండు సబ్జెక్టులు తర్వాతి సెమిస్టర్‌లో పాసయ్యాను.” మార్కుల మెమోలో కనిపించే లోటుకు ఇది కారణం చెబుతుంది. అక్కడితో ఆపండి.

పంపేముందు

పేరాలో ప్రతి అంకె కింద, ప్రతి ‘చేశాను’ కింద పెన్సిల్‌తో గీత పెట్టండి. ఒక్కో గీతకు ఒక రిపోర్టు, మెమో, ఫొటో లేదా మీ గైడ్ మాట ఆధారంగా ఉండాలి. ఆధారం దొరకని మాటను తగ్గించి రాయండి, లేదా కొట్టేయండి. తర్వాత ప్రాజెక్టులో మీతో పనిచేసినవాళ్లకు చదివి వినిపించండి. “అది నువ్వొక్కదానివే చేశావా?” అని వాళ్లు అడిగితే, ఆ వాక్యం ఇంకా సరికాలేదని అర్థం.