రామాయణానికి ణ, రసాయనానికి న: ఎందుకు?

ముందుగా ఈ నాలుగు వాక్యాలు చదవండి. పిల్లల తెలుగు నోటు పుస్తకాల్లో తరచుగా కనిపించే తప్పులను ఒకచోట చేర్చి రాసినవి ఇవి.

"జూన్ 5న మా పాఠశాల ప్రాంగనంలో పర్యావరన దినోత్సవం ఘణంగా జరిగింది. ప్రార్థణ తర్వాత విద్యార్థిణులు ఒక ప్రదర్శణ ఇచ్చారు. రసాయణాల వల్ల చెరువులు ఎలా పాడవుతాయో చూపించారు. చివర్లో టీచర్ వివరన ఇచ్చారు."

ఇందులో ఎనిమిది తప్పులున్నాయి, కానీ అవన్నీ ఒకే రకం కాదు. ప్రాంగనం, పర్యావరన, వివరన అనే మూడు చోట్ల ణ రాయాల్సింది న అయింది. ఇది చెవి వల్ల వచ్చే తప్పు. మాటల్లో మనలో చాలామందిమి ణ ను న లాగే పలుకుతాం. విన్నది విన్నట్టు రాస్తే న వస్తుంది. మిగిలిన ఐదు చోట్ల దీనికి తలకిందులుగా జరిగింది. ఘణం, ప్రార్థణ, ప్రదర్శణ అని ఎవరూ పలకరు. మరి ఎందుకు రాస్తారు? నాలుగైదు సార్లు ఎర్ర పెన్ను దెబ్బ తిన్న పిల్లలు "పెద్ద మాట కనిపిస్తే ణ పెట్టేస్తే పోలా" అనుకుంటారు కాబట్టి. అందుకే తప్పు రాసిన మాటను పదిసార్లు రాయించడం మీద నాకు పెద్దగా నమ్మకం లేదు. ప్రార్థన పదిసార్లు రాసిన బిడ్డ మర్నాడు ప్రదర్శన దగ్గర మళ్లీ ఊహించే రాస్తుంది.

ఈ ఊహించడం చాలావరకు మాన్పించే నియమం ఒకటుంది. అది సంస్కృతం నుంచి వచ్చిన మాటలకు వర్తిస్తుంది. పాఠ్యపుస్తకాల్లో ణ కనిపించే మాటల్లో ఎక్కువ భాగం అవే. పాణిని అష్టాధ్యాయిలో ఎనిమిదో అధ్యాయం నాలుగో పాదం ఈ నియమంతోనే మొదలవుతుంది. (పాణిని పేరులోనే ముందు ణ, తర్వాత న ఉండటం పిల్లలకు చెబితే సరదా పడతారు.)

నియమం పుట్టింది నాలుక కదలిక నుంచి. న పలికేటప్పుడు నాలుక కొన పై పళ్ల వెనక తగులుతుంది. ణ పలకాలంటే కొనను వెనక్కి మడిచి అంగిటికి తాకించాలి. సంస్కృతంలో ఋ, ర, ష కూడా అక్కడే పుట్టే అక్షరాలు. ఆ మూడింటిలో ఏది పలికినా నాలుక వెనక్కి వెళ్లి ఉంటుంది. తర్వాత వచ్చే న ను కూడా అది అక్కడి నుంచే పలికేస్తుంది. అలా న కాస్తా ణ అవుతుంది. కారణం, చరణం, భాషణం, పోషణ, ఋణం అన్నీ అలా వచ్చినవే. క్ష లో ష ఉంది కాబట్టి రక్షణ, శిక్షణ, లక్షణం కూడా ఈ లెక్కలోకే వస్తాయి.

మధ్యలో వేరే అక్షరాలు వస్తే? అచ్చులు, య వ హ, క వరుస (క ఖ గ ఘ), ప వరుస (ప ఫ బ భ మ), సున్న అడ్డురావు. పెదవులతోనో గొంతు దగ్గరో పని జరిగిపోతుంది, నాలుక కొన కదలదు. కానీ చ వరుస, ట వరుస, త వరుస, ల, శ, స వస్తే నాలుక ముందు భాగానికి కొత్త పని పడుతుంది. అప్పుడు అది ర దగ్గరి మడత విప్పేస్తుంది, న న గానే మిగులుతుంది.

దీన్ని బిడ్డకు చూపించడానికి అన్నిటికన్నా మంచి జత రామాయణం, రసాయనం. రెండింటి చివరా ఉన్నది ఒకే 'అయనం'. రామాయణంలో ర తర్వాత మ, య మాత్రమే ఉన్నాయి, అవి అడ్డుకోవు, కాబట్టి ణ. రసాయనంలో ర పక్కనే స ఉంది, అది అడ్డుకుంది, కాబట్టి న. సంక్రాంతి రోజుల్లో క్యాలెండర్ చేతికిచ్చి ఉత్తరాయణం, దక్షిణాయనం చూపించండి. ఉత్తరాయణంలో ర తర్వాత ఉన్నది య ఒక్కటే, అందుకే ణ. దక్షిణాయనంలో ష ఉంది నిజమే, కానీ దాని ప్రభావం పక్కనున్న ణ దగ్గరే తీరిపోయింది. ఆ ణ ట వరుస అక్షరం కాబట్టి అదే అడ్డుగోడ అయి, చివరిది న గానే ఉండిపోయింది. పెద్దవాళ్లు కూడా దక్షిణాయణం అని రాసేస్తుంటారు.

ఇప్పుడు మొదటి వాక్యాల దగ్గరికి వెళ్దాం. ప్రాంగణంలో ర తర్వాత సున్న, గ. రెండూ అడ్డుకావు, కాబట్టి ణ. అంగన్‌వాడీలో అసలు ర లేదు, అక్కడ న. పర్యావరణం, వివరణల్లో ర పక్కనే అక్షరం ఉంది, ఆలోచించే పనే లేదు. ప్రార్థనలో థ, ప్రదర్శనలో శ, విద్యార్థినిలో థ అడ్డుపడ్డాయి. ఘనంలో ర గానీ ష గానీ లేవు. అది గొప్ప అనే అర్థమున్న ఘన. గణతంత్ర దినోత్సవంలోని గణ వేరు, అది సమూహం. ఆ ఉత్సవాన్ని ఘనంగా జరుపుకుంటాం కాబట్టి రెండూ ఒకే వాక్యంలో పక్కపక్కనే వచ్చి గజిబిజి చేస్తాయి.

ఒక మాటలో రెండు ర లు ఉంటే న కు దగ్గరగా ఉన్నదాన్నే చూడాలి. ప్రచురణలో మొదటి ర తర్వాత చ అడ్డొచ్చినా, రెండో ర న పక్కనే ఉంది కనుక ణ వచ్చింది.

ఆడపిల్లల పేర్లు ఈ నియమానికి మంచి అభ్యాసం. రోహిణి, రుక్మిణి, హర్షిణి, తరంగిణి, శ్రావణి అన్నిట్లోనూ ర లేదా ష ఉంది, అడ్డు లేదు. నందిని, మాలిని, యామినిల్లో ర, ష లేవు. ప్రియదర్శినిలో ర ఉన్నా శ అడ్డు. తరగతిలోని స్నేహితుల పేర్లు తీసుకుని ఇలా విడదీయమంటే పిల్లలు ఉత్సాహంగా చేస్తారు.

అయితే నియమానికి హద్దులున్నాయి. ర, న ఒకే మాటలో ఉండాలి. రెండు మాటలు కలిసి, రెండోది న తో మొదలయ్యే పూర్తి మాట అయితే సాధారణంగా న మారదు. సర్వనామం, శ్రీనివాస్, రంగనాథ్, రఘునందన్ అలాంటివి. నామం, నివాసం, నాథుడు, నందనుడు విడిగా నిలబడగలవు. ప్ర, పరి, నిర్ లాంటి ఉపసర్గలు విడిగా నిలబడే మాటలు కావు, అందుకే ప్రణామం, పరిణామం, నిర్ణయంలో ణ వచ్చింది. శూర్పణఖ మాత్రం దీనికి లొంగదు. నఖం విడి మాటే అయినా ఆ పేరులో ణ స్థిరపడిపోయింది.

అచ్చ తెలుగు మాటలకు, వేరే భాషల నుంచి వచ్చినవాటికి ఈ నియమం పనికిరాదు. చిరునవ్వు, చిరునామా, జరిగిన, పెరిగిన, ఊరిని అన్నిట్లోనూ ర ఉంది, అయినా న. కర్నూలు, కర్ణాటక పక్కపక్క ప్రాంతాలే అయినా రాత వేరు. నియమం బాగా ఒంటబట్టిన పిల్లలు కొన్నాళ్లు 'ఊరిణి' అని రాయడం చూస్తాం. కంగారు పడకండి. "ఊరు అనే మాటకు ని చేర్చాం, అంతే" అని చెప్తే సరిపోతుంది.

చివరగా, ర, ష ఏవీ లేకుండానే ణ ఉన్న మాటలు. వీటికి దగ్గరిదారి లేదు, గుర్తుపెట్టుకోవాల్సిందే. కాకపోతే ఒక్కొక్క మాటగా కాకుండా కుటుంబాలుగా నేర్పితే భారం తగ్గుతుంది. గుణం వస్తే గుణింతం, గుణకారం, అనుగుణం వచ్చేస్తాయి. అనుగుణంలో మొదటిది అను, కాబట్టి న. రెండోది గుణం, కాబట్టి ణ. అణుగుణంగా అని రాసేవాళ్లకు ఇలా విరిచి చూపించడమే మందు. అణువు వస్తే పరమాణువు, అణుశక్తి వస్తాయి. అనువైన చోటు అన్నప్పుడు అది వేరే మాట, అక్కడ న. గణ వస్తే గణితం, గణాంకాలు, గణపతి, గణన వస్తాయి; గణనలో రెండోది న. కోణం నుంచి త్రికోణం, జామెట్రీ బాక్సులోని కోణమానిని. వీణ, బాణం, మణి, పుణ్యం, లవణం, నైపుణ్యం, కళ్యాణం, తెలంగాణ కూడా ఈ జాబితాలోవే. తెలుగు మాటల్లో వణుకు, గొణుగుడు, సణుగుడు, అణచివేత, నాణెం, ఆణిముత్యం, బోణీ, ఓణీ ఎక్కువగా ఎదురవుతాయి. మాట మొదట్లో మాత్రం ఎప్పుడూ సందేహం అక్కర్లేదు. ణ తో మొదలయ్యే మాట మన వాడుకలో లేదు. అక్షరమాల చార్టులో ణ పక్కన వీణ బొమ్మో బాణం బొమ్మో ఉండేది అందుకే.

ఇంట్లో డిక్టేషన్ ఇచ్చేటప్పుడు ణ ను ఒత్తి పలికి అందించకండి. మామూలుగా చెప్పండి. రాశాక "వెనక్కి చూడు, ర గానీ ష గానీ ఉందా? మధ్యలో అడ్డుపడే అక్షరం ఉందా?" అని రెండే ప్రశ్నలు అడగండి. బిడ్డకు నిజంగా అర్థమైందో లేదో ఇంతవరకు రాయని మాట ఇస్తేనే తెలుస్తుంది. 'మానం' చివర వచ్చే ఈ ఆరు మాటలు అందుకు బాగుంటాయి: విమానం, ప్రమాణం, కొలమానం, పరిమాణం, నిర్మాణం, వర్తమానం. వీటితో పాటు ప్రకటన, నిర్వహణ, నిర్వచనం, ఉదాహరణ కూడా చెప్పి రాయించండి.

సరిచూసుకోవడానికి: ప్రమాణం, పరిమాణం, నిర్మాణంలో ర ఉంది, మధ్యలో మ ఒక్కటే, అందుకే ణ. విమానం, కొలమానంలో ర లేదు. వర్తమానంలో త అడ్డు, ప్రకటనలో ట అడ్డు. నిర్వహణలో వ, హ అడ్డుకావు కాబట్టి ణ, నిర్వచనంలో చ అడ్డు కాబట్టి న. ఉదాహరణలో ర పక్కనే ఉంది.