రాలేమని పెద్దమ్మకు ఎలా రాయాలి?

అమ్మాయిలూ, ఈసారి ఒక చిన్న ఉత్తరం గురించి ముచ్చటించుకుందాం. డల్లాస్‌లో ఉంటున్న మా బంధువులమ్మాయి తెనాలిలోని పెద్దమ్మకి రాయాలనుకున్న ఉత్తరం అది. పెదనాన్నగారికి షష్టిపూర్తి. పెద్దమ్మ స్వయంగా ఫోన్ చేసి, అల్లుణ్ణీ పిల్లల్నీ తీసుకుని రమ్మని పిలిచింది. ఇప్పుడు ఇండియా వస్తే, తిరిగి వెళ్లేముందు పాస్‌పోర్టు మీద కొత్త వీసా స్టాంపింగ్ చేయించుకోవాలి. దానికి అపాయింట్‌మెంట్ దొరకలేదు. ఇంగ్లీషు మీడియంలో చదివిన పిల్ల కదా, ముందు ఇంగ్లీషులో రాసుకుని, పెద్దమ్మ నొచ్చుకోకుండా తెలుగులో పెట్టమని నాకు పంపింది.

ఇంగ్లీషులో అది చక్కని ఉత్తరమే. పిలిచినందుకు థాంక్స్, అన్‌ఫార్చునేట్లీ రాలేకపోతున్నాం, ముందే ఒప్పుకున్న పనులున్నాయి, మీరంతా సంతోషంగా గడపండి. ఇంతే. సొంత ఇబ్బందులు ఏకరువు పెట్టి ఎదుటివాళ్ల మీద బరువు వేయకపోవడం అక్కడ మర్యాద. దాన్నే ఉన్నదున్నట్టు తెలుగు చేస్తే ఇలా వస్తుంది: "మీ ఆహ్వానానికి ధన్యవాదాలు. దురదృష్టవశాత్తూ మేము హాజరు కాలేము. మాకు ముందుగా నిర్ణయించుకున్న కార్యక్రమాలు ఉన్నాయి. మీరు ఆనందంగా గడపాలని ఆశిస్తున్నాము."

తప్పు మాట ఒక్కటీ లేదు. అయినా పెద్దమ్మ మనసు చివుక్కుమంటుంది. సొంత పెద్దమ్మకి ధన్యవాదాలు చెప్పామంటే ఆవిణ్ణి పరాయిదాన్ని చేసినట్టే. శుభకార్యం జరిగే ఇంటికి రాసే ఉత్తరంలో రెండో వాక్యమే దురదృష్టంతో మొదలైతే ఎలా? ఇక అన్నిటికన్నా బాధ పెట్టేది మూడో వాక్యం. కారణం చెప్పకుండా పనులున్నాయంటే, "మా ఇంటి శుభం కన్నా దానికి ఆ పనులే ఎక్కువయ్యాయా" అనుకుంటుంది పెద్దమ్మ. మన ఇళ్లల్లో కారణం విడమరచి చెప్పడమే మర్యాద. ఇంకో సంగతి. ఆ ఉత్తరాన్ని పెద్దమ్మ ఒక్కతే చదువుకోదు. తోడికోడలు ఉన్నప్పుడో, ఆడపడుచు వచ్చినప్పుడో పైకి చదివిస్తుంది. నలుగురిలో చదివినా ఆవిడ తల ఎత్తుకునేలా ఉండాలి.

అందుకని వాక్యాలు పక్కన పెట్టి, అమ్మాయిని ఫోన్లో అడిగాను: పెదనాన్నగారంటే నీకేం గుర్తొస్తుంది, వెళ్లగలిగితే ఏం చేసేదానివి, నీ బదులు ఎవరు వెళ్తారు అని. తను చెప్పినవి కలిపి ఇలా రాశాం:

"పెద్దమ్మా, పెదనాన్నగారికీ నీకూ నమస్కారాలు. నువ్వు ఫోన్ చేసి పిలిచినప్పటినుంచీ నా ప్రాణమంతా అక్కడే ఉంది. మీ ఇద్దరినీ మళ్లీ పీటల మీద చూడాలని, దగ్గరుండి నీకు పూలజడ వేయాలని ఎంతో అనుకున్నాను. కానీ ఇప్పుడు వస్తే తిరిగి రావడానికి వీసా ముద్ర పడాలి, దానికి తేదీ దొరకలేదు. ఆయన ఉద్యోగం, పిల్లల బడి ఇక్కడ ఆగిపోతాయని రావడానికి వీలు పడటం లేదు. అమ్మావాళ్లు ముందురోజే వస్తారు. మీ ఇద్దరికీ మా తరఫున బట్టలు అమ్మ చేతే పెట్టిస్తున్నాను, కాదనకుండా కట్టుకోవాలి. తలంబ్రాల వేళకి వీడియోలో మమ్మల్ని కూడా కూర్చోబెట్టమని అన్నయ్యకి చెప్పు. ఇండియా రాగానే ముందు మీ దగ్గరికే వచ్చి, నలుగురం మీ ఆశీర్వాదం తీసుకుంటాం."

ఇంగ్లీషులో ఉన్న సంగతి ఏదీ పోలేదు, చూడండి. థాంక్స్ స్థానంలో పిలుపు అందినప్పటి ఆనందం వచ్చింది. "రాలేము" అంటే తేల్చి చెప్పినట్టుంటుంది. "వీలు పడటం లేదు" అంటే ప్రయత్నించినా కుదరలేదని తెలుస్తుంది. "సంతోషంగా గడపండి" అనేది అతిథి చెప్పే మాట, ఇంటి పిల్ల చెప్పేది కాదు. అందుకే దాని బదులు బట్టలూ తలంబ్రాలూ పెట్టాం.

అలాగని మెత్తగా చెప్పాలన్న తాపత్రయంలో "చూస్తాం పెద్దమ్మా, ప్రయత్నిస్తాం" అని మాత్రం రాయొద్దు. ఆ మాట నమ్మి గది అట్టేపెడతారు, వంటవాళ్లకి లెక్క చెబుతారు, కార్యం నాటి పొద్దుటిదాకా గుమ్మం వైపు చూస్తారు. లేని కారణమూ కల్పించకూడదు. ఒంట్లో బాగాలేదని రాస్తే మర్నాటికల్లా ఊరంతా ఫోన్లు చేస్తుంది. చేయలేని పని రాయొద్దు. వీడియోలో కూర్చుంటామని రాస్తే అర్ధరాత్రైనా లేచి కూర్చోవాల్సిందే.

ఉత్తరం కన్నా ముందు ఫోన్ వెళ్లాలి. అమ్మ ద్వారా పెద్దమ్మకి తెలిసిపోయాక మనం చేస్తే ఆ ఫోన్‌కి విలువుండదు. పెద్దమ్మతో మాట్లాడాక పెదనాన్నగారితోనూ విడిగా ఒక్క మాట చెప్పాలి, కార్యం ఆయనది కదా. ఏర్పాట్లు చూస్తున్న అన్నయ్యకి మాత్రం ఇంగ్లీషులో రాసింది అలాగే పంపించమన్నాను. అతనికి కావలసింది ఎంతమంది వస్తున్నారన్న లెక్కే.