రెయిన్‌ జాకెట్‌లోకి నీరు ఎక్కడి నుంచి వస్తుంది?

దుకాణంలో జాకెట్ మీద చేతినిండా నీళ్లు చల్లి చూపిస్తారు. చుక్కలు ముత్యాల్లా దొర్లిపోతాయి. అదే జాకెట్ వేసుకుని వానలో అరగంట బండి నడిపితే భుజాలు తడిసిపోతాయి. ఇందులో అమ్మినవాడి మోసం ఉండకపోవచ్చు. నీటిని దొర్లించడం ఒక గుణం, నీటిని ఆపడం మరో గుణం. ఒకటి ఉన్నంత మాత్రాన రెండోది ఉన్నట్టు కాదు.

నేసిన గుడ్డలో పోగుల మధ్య సందులు ఉంటాయి. మామూలు నూలు గుడ్డ మీద పడిన నీరు పోగులకు అంటుకుని సందుల్లోకి పాకుతుంది. పోగులకు మైనం లాంటి, నీటికి అంటని పదార్థం పట్టిస్తే చుక్క గుడ్డపై పరుచుకోకుండా గుండ్రంగా నిలుస్తుంది. తామరాకు మీద జరిగేదీ దాదాపు ఇదే. కానీ సందులు అలాగే తెరిచి ఉన్నాయి. నీటి తలతన్యత వాటి నోళ్ల దగ్గర ఒక పొరలా అడ్డు నిలుస్తోంది, అంతే. సందు వెడల్పు 0.1 మిల్లీమీటరు అనుకుంటే ఆ పొర సుమారు 10 సెంటీమీటర్ల ఎత్తు నీటి బరువును ఆపగలదు. అంతకు మించి ఒత్తితే నీరు లోపలికి వస్తుంది. ఇలాంటి గుడ్డను ‘వాటర్ రెపెల్లెంట్’ అంటారు.

‘వాటర్‌ప్రూఫ్’ గుడ్డలో సందులనే మూసేస్తారు. నైలాన్ లేదా పాలియెస్టర్ గుడ్డ లోపలివైపు పాలియురెథేన్ పూత పూస్తారు. దాని బలాన్ని నీటి ఎత్తుతో కొలుస్తారు. లేబుల్ మీద 3000 మి.మీ. అని ఉంటే, గుడ్డపై 3 మీటర్ల నీటి స్తంభం నిలిపినంత ఒత్తిడి దాకా తట్టుకుందని అర్థం. అంత ఒత్తిడి వానలో ఎక్కడిదని అడగవచ్చు. వీపున సంచి తగిలించుకున్న మనిషిని చూడండి. ఒక పట్టీ మీద 4 కిలోల బరువు 75 చదరపు సెంటీమీటర్ల మేర ఆనితే, అక్కడి తడి గుడ్డ మీద అర మీటరు నీటితో సమానమైన ఒత్తిడి పడుతుంది. దొర్లించే గుడ్డ అక్కడే ఓడిపోతుంది. బండి సీటు మీద కూర్చున్న చోట ఒత్తిడి ఇంకా ఎక్కువ.

మంచి జాకెట్లకు రెండూ ఉంటాయి: లోపల పూత, పైన నీటిని దొర్లించే మందు. పై మందు వాడకంతో, ఉతుకులతో అరిగిపోతుంది. అప్పుడు పైగుడ్డ తడిసి బరువెక్కుతుంది, ఒళ్లు చల్లబడుతుంది, లోపల చెమట ఆరదు. చాలామంది దీన్నే లీకు అనుకుంటారు. తేడా తెలుసుకోవడం సులువు. తడి ఒళ్లంతా సమంగా ఉంటే అది చాలావరకు చెమటే. ఒక గీత వెంటో, ఒక మూల దగ్గరో మొదలై పాకితే అది కుట్టు.

అసలు సమస్య ఆ కుట్టు దగ్గరే ఉంది. 1823లో గ్లాస్గోకు చెందిన చార్లెస్ మాకింటోష్ రెండు గుడ్డల మధ్య రబ్బరు పొర పెట్టి వాటర్‌ప్రూఫ్ గుడ్డకు పేటెంటు తీసుకున్నాడు. గుడ్డ నీటిని ఆపింది గానీ, దర్జీలు దాన్ని కోటుగా కుట్టగానే సూది రంధ్రాల గుండా నీరు కారేది. 11వ నంబరు సూది మందం ముప్పావు మిల్లీమీటరు. అంత రంధ్రాన్ని ఖాళీగా వదిలేస్తే తలతన్యత ఆపగలిగేది ఒకటిన్నర సెంటీమీటర్ల లోపు నీటినే. దారం రంధ్రాన్ని కొంత నింపినా, నూలు దారమైతే అదే వత్తిలా నీటిని లోపలికి లాగుతుంది. 3 మి.మీ. కుట్టుతో 60 సెంటీమీటర్ల కుట్టు వేస్తే అలాంటి రంధ్రాలు 200. గుడ్డ 3000 అయినా జాకెట్ మాత్రం 15 దగ్గరే ఆగిపోతుంది.

కాబట్టి ఇంట్లో కుట్టేవారు ముందు ఆలోచించాల్సింది వాన నేరుగా పడే చోట కుట్టు లేకుండా ఎలా కత్తిరించాలన్నది. 150 సెం.మీ. పన్నా ఉన్న గుడ్డ రెండు మీటర్లు చాలు. అందులో 150 సెం.మీ. పొడవు ముక్కను భుజాల దగ్గర మడత వచ్చేలా సగానికి మడిచి ‘టీ’ అక్షరం ఆకారంలో కత్తిరించాలి. ఒళ్లు 60 సెం.మీ. వెడల్పు, రెండు వైపులా 45 సెం.మీ. చొప్పున చేతులు. చేతి లోతు చంక దగ్గర 25, మణికట్టు దగ్గర 17. చంకను మూలగా కాకుండా వంపుగా కొయ్యాలి. ఇలా చేస్తే భుజం మీద కుట్టే ఉండదు. చేతుల కింద మిగిలిన నాలుగు ముక్కల్లోంచి హుడ్ పక్కలు, మణికట్టు దాకా చేతిని పొడిగించే 12 సెం.మీ. పట్టీలు వస్తాయి. హుడ్‌కు నడినెత్తి మీద కుట్టు రాకుండా మధ్యలో వెడల్పు పట్టీ వెయ్యడం మేలు, అందుకే మిగతా అర మీటరు గుడ్డ. తల దూరేందుకు మెడ ముందు 20 సెం.మీ. చీలిక పెట్టి, వెనక ఒక ముక్క, పైన ఒక మూత కుడితే నిలువెత్తు జిప్పు తలనొప్పి తప్పుతుంది.

పూత లేని వైపులు ఎదురెదురుగా పెట్టి 1 సెం.మీ. లోపల పాలియెస్టర్ దారంతో కుట్టాలి. గుండుసూదులు వద్దు, అవీ రంధ్రాలే, క్లిప్పులు పెట్టుకోవాలి. కుట్టు తప్పి విప్పితే పాత రంధ్రాలు పూడవు, టేపు వాటినీ కప్పాల్సి ఉంటుంది. మిషను పాదం పూతకు అతుక్కుంటే మధ్యలో పల్చని కాగితం పెట్టి కుట్టి, తర్వాత చింపెయ్యవచ్చు.

సీమ్ టేపు అంటే ఒకవైపు వేడికి కరిగే జిగురున్న పట్టీ. 20 మి.మీ. వెడల్పుది సరిపోతుంది. కుట్టు పక్క మిగిలిన అంచును 5 మి.మీ.కు కత్తిరించి ఒక వైపుకు వంచి, కుట్టు నడిమధ్యకు వచ్చేలా టేపును పూత వైపున పరవాలి. దాని మీద పల్చని నూలు గుడ్డ వేసి, ఆవిరి లేకుండా, సింథటిక్ గుర్తు దగ్గర పెట్టిన ఇస్త్రీపెట్టెతో కొద్ది సెకన్లు అదమాలి. ముందు పనికిరాని ముక్క మీద చూసుకోవడం తప్పనిసరి. చల్లారాక గోటితో అంచు లేపి చూస్తే తేలికగా ఊడకూడదు. ఊడితే వేడి చాలలేదు. పూత ముడుచుకుపోతే వేడి మించింది. సిలికోన్ పూత గుడ్డకు ఈ టేపు అసలు అంటదు, దానికి సిలికోన్ జిగురే పుయ్యాలి.

వరస ముఖ్యం. చేతి పట్టీ కుట్టును గుడ్డ బల్లపరుపుగా ఉండగానే టేపు వేసి, ఆ తర్వాతే మణికట్టు నుంచి చంక మీదుగా అంచు దాకా పక్క కుట్టు వెయ్యాలి. రెండు కుట్లు దాటే చోట గుడ్డ పొరలు మెట్టులా లేస్తాయి. ఆ మెట్టు పక్క టేపు కింద సన్నని సొరంగం మిగులుతుంది. లీకులు ఎక్కువగా అక్కడివే. అక్కడ గుండ్రని మూలలున్న 4 సెం.మీ. టేపు ముక్క అదనంగా అంటించాలి. చంక వంపు మీద పొడుగు టేపు ముడతలు పడుతుంది, అందుకని పొట్టి ముక్కలుగా ఒకదాని అంచు మీద ఇంకొకటి వెయ్యాలి.

పరీక్షకు బకెట్టు చాలు. చేతిని తిరగేసి, అంటే టేపు బయటికి వచ్చేలా చేసి, మణికట్టును రబ్బరు బ్యాండుతో గట్టిగా కట్టి 30 సెం.మీ. ఎత్తు నీళ్లు పోసి వేలాడదియ్యాలి. ఇప్పుడు నీరు వానలో లాగే బయటి వైపు నుంచి టేపును తోస్తుంది. పది నిమిషాల తర్వాత పొడి కాగితంతో కుట్టు వెంట అద్దుతూ పోతే తడి ఎక్కడ మొదలైందో తెలుస్తుంది. అక్కడ గుర్తు పెట్టి, పూర్తిగా ఆరాక మళ్లీ టేపు అదమాలి. తడి మీద జిగురు పట్టదు. చేతి మీదుగా పోయిన నీటిని చంక దాకా నింపలేకపోతే, చంక దగ్గర గుడ్డను దోసిలిలా పట్టి అందులో నీళ్లు పోసి చూడాలి.

ఇంత చేసినా ఒక పరిమితి ఉంది. నీటిని ఇంత గట్టిగా ఆపే మామూలు పూత చెమట ఆవిరినీ పెద్దగా పోనివ్వదు. కోస్తా ఉక్కలో ఇది చిన్న ఇబ్బంది కాదు. వీపు పైభాగంలో అడ్డంగా ఒక చీలిక కోసి, దాని మీద పైనుంచి వేలాడే మూత కుడితే గాలి ఆడుతుంది, వాన మూత మీదుగా జారిపోతుంది. ఆ మూత పై అంచు కుట్టుకు మాత్రం టేపు మరిచిపోకూడదు.