జనన నమోదు వ్యాసాన్ని ప్రశ్నోత్తరాలుగా మార్చడం

షోళింగనల్లూరు మండలంలోని తెలుగు కుటుంబాలకు జనన నమోదును వివరించే వ్యాసం సాధారణంగా 1969 నాటి జనన మరణాల నమోదు చట్టంతో ఆరంభమవుతుంది. చదువరి సందేహం వేరు. ప్రశ్నోత్తరాలుగా మార్చేటప్పుడు ఆ సందేహమే ఆయన మాటలలో శీర్షిక కావాలి.

కాన్పు ఇక్కడ అయింది, సొంతూరులో నమోదు చేయించవచ్చా?
వీలు కాదు. జననం జరిగిన చోటనే నమోదు చేయాలి. ఆసుపత్రిలో కాన్పు అయితే సమాచారమిచ్చే బాధ్యత ఆసుపత్రిదే.

"నమోదు పరిధి" అన్న శీర్షిక కింద ఈ జవాబును ఎవరూ వెదకరు.

నామకరణం కాలేదు, అంతవరకు ఆగాలా?
ఆగనక్కరలేదు. పేరు లేకుండానే నమోదు చేస్తారు. పేరును తరువాత చేర్పించుకోవచ్చు.

వ్యాసంలో ఈ సంగతి ఏదో వాక్యం చివర అణగి ఉంటుంది. అది కనబడక నామకరణం కోసం ఆగిన కుటుంబానికి గడువు దాటిపోతుంది.

గడువుల భాగంలో మరో చిక్కు ఉంది. "పై గడువు దాటినచో" అన్న వాక్యాన్ని యథాతథంగా కోసి పెడితే, ఆ ఒక్క జవాబే చదివేవారికి ఏ గడువో తెలియదు. అంకెను మళ్ళీ చెప్పక తప్పదు.

పుట్టి 21 రోజులు దాటితే?
30 రోజులలోపు ఆలస్య రుసుముతో నమోదు చేస్తారు. ఆపై ఏడాదిలోపు అధికారి లిఖితపూర్వక అనుమతి, ఏడాది దాటితే మేజిస్ట్రేటు ఉత్తర్వు అవసరం.

చివరగా మూలవ్యాసంలోని ప్రతి గడువు, ప్రతి మినహాయింపు ఏ జవాబులో చేరిందో పెన్సిలుతో గుర్తించాలి. గుర్తు పడని వాక్యానికి ఇంకా ప్రశ్న వ్రాయలేదన్నమాట.